అఫిడవిట్ మీద సంతకం చేసే ముందు



ఇంటి పెద్ద కన్నుమూశాక, పెద్దకర్మ ముగిసిన కొద్ది రోజులకే ఆ ఇంట్లో కాగితాల పని మొదలవుతుంది. బ్యాంకులో డిపాజిట్ ఉంటుంది. ఊళ్లో కాస్త పొలం ఉంటుంది. కరెంటు మీటరు ఆయన పేరు మీదే ఉంటుంది. ఏ ఆఫీసుకు వెళ్లినా కౌంటర్ దగ్గర ఒకటే మాట చెబుతారు: “అఫిడవిట్ తీసుకురండి.” దుఃఖంలో ఉన్నవాళ్లకు చదివే ఓపిక ఎక్కడుంటుంది? ఎవరో టైపు చేయించి తెచ్చిన కాగితం మీద, వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తారు. ఆ సంతకంతో తాము ఏం చెప్పామో చాలామందికి ఏళ్ల తర్వాత, గొడవ వచ్చినప్పుడు గానీ తెలియదు. ఈ రోజు ఆ కాగితం గురించి మాట్లాడుకుందాం.

అఫిడవిట్‌ను తెలుగులో ప్రమాణ పత్రం అంటాం. ఒక మనిషి తనకు తెలిసిన సంగతులను రాసి, అవి నిజమని ప్రమాణం చేసి, ప్రమాణం చేయించే అధికారం ఉన్న వ్యక్తి ఎదుట సంతకం చేసిన వాంగ్మూలం అది. అలా సంతకం చేసినవారిని డిపోనెంట్ అంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 139వ సెక్షన్ ప్రకారం ఈ ప్రమాణం కోర్టు గానీ, మేజిస్ట్రేటు గానీ, హైకోర్టు నియమించిన అధికారి గానీ, నోటరీ గానీ చేయించవచ్చు. మామూలు జనానికి అందుబాటులో ఉండేది నోటరీ కాబట్టి మనలో ఎక్కువమంది అక్కడికే వెళతాం. దేవుడి మీద ప్రమాణం చేయడం ఇష్టం లేనివాళ్లు మనస్సాక్షిగా నిజం చెబుతున్నానని అనవచ్చు. 1969 నాటి ప్రమాణాల చట్టం ఆ వీలు కల్పించింది. రెండింటికీ విలువ ఒకటే.

కోర్టు బోనెక్కి సాక్ష్యం చెప్పేటప్పుడు ఎలాంటి బాధ్యత ఉంటుందో, ఈ కాగితం మీద సంతకం చేసేటప్పుడూ అలాంటి బాధ్యతే ఉంటుంది. ఒక్క తేడా ఉంది. బోనులో మన మాటలు మనమే మాట్లాడతాం. అఫిడవిట్‌లో మాటలు చాలాసార్లు లాయరు గుమాస్తావో, దస్తావేజు లేఖరివో, స్టాంపు వెండరు పక్కన కూర్చున్న టైపిస్టువో అయి ఉంటాయి. సంతకం పడ్డాక మాత్రం అవి మన మాటలే.

ఇది ఎక్కడెక్కడ అడుగుతారు? టెన్త్ మెమో పోతే డూప్లికేట్ కోసం అడుగుతారు. ఆధార్‌లో ఒక పేరు, పాసుపుస్తకంలో మరో పేరు ఉంటే, ఆ ఇద్దరూ ఒక్కరేనని చెప్పడానికి అడుగుతారు. చదువు మధ్యలో ఆగి మళ్లీ చేరితే ఆ ఏడాది ఏం చేశారో రాసిమ్మంటారు. కోర్టులో వేసే చాలా పిటిషన్ల వెంట అఫిడవిట్ ఉండాలి. వీటన్నిటికంటే ఎక్కువ చిక్కులు తెచ్చేది, సామాన్యుడు ఎక్కువగా చదవకుండా సంతకం చేసేది, వారసుల అఫిడవిట్. అందుకే దాన్నే తీసుకుని వివరంగా చూద్దాం.

దానికి ముందు ఒక అపోహ తొలగించాలి. స్టాంపు పేపరు మీద ఉంటేనే నిజమని, స్టాంపు విలువ పెరిగేకొద్దీ బలం పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. స్టాంపు పేపరు ప్రభుత్వానికి కట్టే సుంకం, అంతే. కోర్టులో దాఖలు చేయడానికి రాసే అఫిడవిట్‌కు ఆ సుంకం కూడా అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. పింఛను పొందడం కోసం మాత్రమే రాసేదానికీ 1899 నాటి స్టాంపు చట్టం మినహాయింపు ఇచ్చింది. అఫిడవిట్‌కు బలం వచ్చేది చేసిన ప్రమాణం వల్ల, రాసిన సంగతుల నిజం వల్ల.

ఇప్పుడు ఉదాహరణలోకి వద్దాం. ఒక హిందూ కుటుంబం అనుకోండి. తండ్రి వీలునామా రాయకుండా చనిపోయారు. తన సంపాదనలోంచి బ్యాంకులో వేసుకున్న 5 లక్షల రూపాయల డిపాజిట్ ఉంది. నామినీ పేరు రాయలేదు. ఆయనకు భార్య, ఇద్దరు కొడుకులు, పెళ్లయి వేరే ఊళ్లో ఉంటున్న ఒక కూతురు ఉన్నారు. ఆయన తల్లి, అంటే ఆ పిల్లల నాయనమ్మ, ఇంకా బతికే ఉంది. ఆమె తన మరో కొడుకు ఇంట్లో ఉంటోంది. బ్యాంకువాళ్లు వారసులెవరో తెలుపుతూ అఫిడవిట్ తెమ్మన్నారు. పెద్దకొడుకు టైపిస్టు దగ్గరికి వెళ్లాడు. టైపిస్టు దగ్గర ఒక పాత నమూనా ఉంది. అందులో పేర్లు మార్చి ఇలా కొట్టాడు: “మరణించిన వారికి భార్య, ఇద్దరు కుమారులు మాత్రమే వారసులు. వీరు తప్ప వేరే వారసులు ఎవరూ లేరు.”

ఈ రెండు వాక్యాల్లో రెండు అబద్ధాలున్నాయి. మొదటిది, కూతురి పేరు లేదు. పెళ్లయిన కూతురు పుట్టింటికి పరాయిది అనే మాట ఊళ్లో వినిపించవచ్చు గానీ చట్టంలో లేదు. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చిననాటి నుంచీ తండ్రి స్వార్జితంలో కూతురు కొడుకుతో సమానంగా మొదటి తరగతి వారసురాలే. రెండోది, నాయనమ్మ పేరు లేదు. కొడుకు చనిపోతే తల్లి కూడా మొదటి తరగతి వారసురాలేనని చాలా కుటుంబాలకు తెలియదు. ఆమె ఎవరింట్లో ఉంటోందన్న దానితో ఆ హక్కుకు సంబంధం లేదు.

లెక్క వేసి చూడండి. చట్టం ప్రకారం భార్యకు ఒక వాటా, ఇద్దరు కొడుకులకు ఒక్కొక్కటి, కూతురికి ఒకటి, తల్లికి ఒకటి, మొత్తం ఐదు సమాన వాటాలు. 5 లక్షల్లో ఒక్కొక్కరికి లక్ష. టైపు చేసిన అఫిడవిట్ ప్రకారం ముగ్గురే కాబట్టి ఒక్కొక్కరికి లక్షా 66 వేల పైచిలుకు. కూతురి లక్ష, నాయనమ్మ లక్ష ఆ రెండు వాక్యాల్లో మాయమయ్యాయి. పెద్దకొడుకు మోసం చేయాలని అనుకుని ఉండకపోవచ్చు. పాత నమూనాలో ఉన్నట్టు ఉంచేశాడు, అంతే. కానీ “వేరే వారసులు ఎవరూ లేరు” అని ప్రమాణం చేసింది టైపిస్టు కాదు, అతనే. తనకు చెల్లెలు ఉందని అతనికి తెలియదని ఎవరూ నమ్మరు.

నామినీ ఉంటే ఈ బాధ లేదు కదా అని అడగవచ్చు. బ్యాంకు డిపాజిట్ విషయంలో నామినీ డబ్బు చేతికి తీసుకునే మనిషి మాత్రమే. తీసుకున్నాక వారసులందరికీ వాళ్ల వాటా ఇవ్వాల్సిన బాధ్యత ఆయన మీద ఉంటుంది. వారసులెవరన్న ప్రశ్న అప్పుడూ పోదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వారసత్వ నియమాలు వేరు. వాటాల లెక్క మారుతుంది. ఎవరినీ వదలకుండా రాయాలన్న నియమం మాత్రం అందరికీ ఒకటే.

ఇప్పుడు అదే కుటుంబంలో కూతురి వైపు నుంచి చూద్దాం. అన్నయ్య ఫోన్ చేసి, “అమ్మా, బ్యాంకులో చిన్న సంతకం కావాలి, ఒకసారి వచ్చి వెళ్లు” అన్నాడు. ఆమె వచ్చింది. కాగితం నాలుగు పేరాలుంది. మొదటి పేరాలో తండ్రి పేరు, చనిపోయిన తేదీ. రెండో పేరాలో వారసుల పేర్లు, ఈసారి ఆమె పేరు కూడా ఉంది. మూడో పేరాలో డిపాజిట్ నంబరు. నాలుగో పేరాలో ఇలా ఉంది: “సదరు డిపాజిట్‌లో గానీ, మా తండ్రిగారి ఇతర స్థిర, చరాస్తులలో గానీ నాకు ఎటువంటి హక్కు, వాటా లేదు. వాటిని మా సోదరులకు ఇచ్చుటకు నాకు అభ్యంతరం లేదు.”

బ్యాంకుకు కావాల్సింది ఆ డిపాజిట్ సంగతి. పొలం ఊసు ఆ కాగితంలో ఉండాల్సిన అవసరమే లేదు. డిపాజిట్ వరకు ఆమె సంతకం వెంటనే పనిచేస్తుంది. ఆమెకు అభ్యంతరం లేదని నమ్మి బ్యాంకు డబ్బు చెల్లించేస్తుంది. పొలం సంగతి వేరు. స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే రిజిస్టరు చేసిన హక్కు విడుదల దస్తావేజు ఉండాలి. నోటరీ ముద్ర ఉన్న అఫిడవిట్ ఒక్కటే ఆమె వాటాను అన్నలకు బదిలీ చేయలేదు. అయినా ప్రమాదం లేదని కాదు. రేపు పంపకం దావా వేస్తే, “నాకు హక్కు లేదని నువ్వే ప్రమాణం చేశావు కదా” అని అదే కాగితం ఆమె ముందు పెడతారు. తెలియక సంతకం చేశానని రుజువు చేసుకునే భారం ఆమె నెత్తిన పడుతుంది. ఏళ్లు కోర్టు చుట్టూ తిరగాల్సి రావచ్చు.

తండ్రి ఆస్తిలో వాటా వద్దనుకునే ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. అది వాళ్ల ఇష్టం, వాళ్ల మంచితనం. కాని వద్దనుకోవడం వేరు, హక్కే లేదని రాయడం వేరు. ఇవ్వదలచుకుంటే దేన్ని, ఎవరికి, ఎంత ఇస్తున్నారో స్పష్టంగా రాసి ఇవ్వాలి. వచ్చిన పనికి సంబంధం లేని పేరా కనిపిస్తే దాన్ని కొట్టేయమని అడిగే హక్కు సంతకం చేసేవారికి ఉంది. కొట్టేసిన చోట పక్కనే సంతకం చేయాలి, నోటరీ చేత కూడా చేయించాలి. ఇంకా మంచిది, ఆ పేరా లేకుండా మళ్లీ టైపు చేయించడం.

అఫిడవిట్‌లోని ప్రతి వాక్యం దగ్గర మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇది నాకు ఎలా తెలుసు? చూసి తెలుసా, కాగితం చదివి తెలుసా, ఎవరో చెబితే తెలుసా? సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ ఆర్డరు మూడో రూలు చెప్పేది ఇదే. డిపోనెంట్ తనకు స్వయంగా తెలిసి, రుజువు చేయగలిగిన సంగతులకే అఫిడవిట్ పరిమితం కావాలి. మధ్యంతర పిటిషన్లలో నమ్మకం మీద చెప్పే మాటలను కూడా ఒప్పుకోవచ్చు, అయితే ఆ నమ్మకానికి ఆధారమేమిటో చెప్పాలి.

అఫిడవిట్ చివర వెరిఫికేషన్ అని ఒక పేరా ఉంటుంది. “పై ఒకటి నుంచి మూడు పేరాలలోని విషయాలు నా స్వయం ఎరుక మేరకు నిజం, నాలుగో పేరా నాకు అందిన సమాచారం మేరకు నిజమని నమ్ముతున్నాను” అని అక్కడ విడదీసి చెప్పాలి. చాలామంది దాన్ని అలంకారంగా చూస్తారు. కోర్టు అలా చూడదు. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్న ఎ.కె.కె. నంబియార్ తన సస్పెన్షన్ మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 1969లో ఈ విషయాన్ని తేల్చి చెప్పింది. ఏది స్వయంగా తెలుసు, ఏది ఇతరుల ద్వారా తెలిసింది అని విడదీయకపోతే, ఏ మాట ఎంతవరకు నమ్మాలో కోర్టుకు తెలిసే దారి ఉండదు. సరైన వెరిఫికేషన్ లేని అఫిడవిట్లను సాక్ష్యంగా తీసుకోలేమని ఆ తీర్పు సారాంశం. అంత పెద్ద అధికారి కేసులోనే లోపంగా నిలిచిన పేరా అది.

ఇది నాకు ఎలా తెలుసు అన్న ప్రశ్న ఇరుగుపొరుగువారికీ వర్తిస్తుంది. వారసుల విషయంలో ఆ కుటుంబాన్ని ఎరిగిన బయటి మనిషిని కూడా అఫిడవిట్ ఇమ్మని అడిగే సందర్భాలున్నాయి. పక్కింటాయన కదా అని మొహమాటానికి సంతకం చేస్తాం. చనిపోయినాయనకు మొదటి పెళ్లి ద్వారా పిల్లలున్నారేమో, చనిపోయిన కొడుకు తాలూకు మనవలు ఉన్నారేమో మనకు తెలుసా? తెలియకపోతే “నేను ఇన్నేళ్లుగా వీరి పక్కింట్లో ఉంటున్నాను, నాకు తెలిసినంతవరకు కుటుంబ సభ్యులు వీరు” అని మనకు తెలిసిన మేరకే రాయాలి. తెలియనిదాన్ని తెలుసునని ప్రమాణం చేయడం కూడా చట్టం దృష్టిలో అబద్ధపు సాక్ష్యమే.

ఇక నోటరీ దగ్గర ఏం జరగాలో చెబుతాను. సంతకం ఇంట్లో చేసి తీసుకెళ్లకూడదు. నోటరీ ఎదుటే చేయాలి. గుర్తింపు కార్డు చూపించాలి. ఇందులో రాసింది చదివారా, నిజమేనా అని ఆయన అడగాలి, మీరు ఔనని ప్రమాణం చేయాలి. ప్రతి పేజీలోనూ సంతకం చేయాలి. ఖాళీలు వదిలిన కాగితం మీద, “తేదీ తర్వాత వేసుకుంటాం” అన్న కాగితం మీద సంతకం చేయనే కూడదు. చివర్లో “నా ఎదుట ప్రమాణం చేసి సంతకం చేశారు” అని రాసి, తేదీ వేసి, నోటరీ సంతకం చేసి ముద్ర వేస్తారు. తర్వాత ఆయన తన రిజిస్టరులో దీన్ని వరుస నంబరుతో నమోదు చేస్తారు, అందులో మీ సంతకం కూడా తీసుకోవాలి. ఆ నంబరు మీ దగ్గర రాసిపెట్టుకోండి. రేపు ఎవరైనా ఈ సంతకం దొంగదంటే, లేదా మీరు వెళ్లని రోజున మీ పేరుతో అఫిడవిట్ పుడితే, నిజం తేలేది ఆ రిజిస్టరు దగ్గరే. రిజిస్టరు ఊసు లేకుండా ముద్ర గుద్ది ఇచ్చేస్తుంటే ఆ పని సరిగా జరగలేదని తెలుసుకోండి.

చదువు రాని అమ్మమ్మ వేలిముద్ర వేస్తుంటే, ఆమెకు తెలిసిన భాషలో మొత్తం చదివి వినిపించాలి. ఆమె అర్థం చేసుకున్నదని ప్రమాణం చేయించినవారు కాగితం మీదే రాయాలి. కాగితం ఇంగ్లీషులో ఉండి మనకు ఇంగ్లీషు రాకపోయినా ఇదే పద్ధతి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలు సంతకం చేసిన కాగితం ఫోన్లో పంపితే ఇక్కడ నోటరీ ముద్ర వేయించడం కొన్ని ఇళ్లలో జరుగుతోంది. అది చెల్లదు, మనిషి ఎదురుగా లేడు కాబట్టి. విదేశాల్లో ఉన్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయంలోనో, కాన్సులేట్‌లోనో అధికారి ఎదుట ప్రమాణం చేయవచ్చు. 1948 నాటి చట్టం వాళ్లకు ఆ అధికారం ఇచ్చింది.

ఒకవేళ వ్యవహారం కోర్టుకు ఎక్కితే అఫిడవిట్‌కు మరో దశ ఉంటుంది. సివిల్ దావాలో సాక్షి మొదట చెప్పే వాంగ్మూలాన్ని ఇప్పుడు అఫిడవిట్ రూపంలోనే దాఖలు చేస్తారు. దాన్ని చీఫ్ అఫిడవిట్ అంటారు. ఆ తర్వాత ఎదుటివారి లాయరు అందులోని ఒక్కొక్క వాక్యం పట్టుకుని క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తారు. “మూడో పేరాలో ఇలా రాశారు, ఆ రోజు మీరు అక్కడ ఉన్నారా?” అని అడిగితే, “అది లాయరుగారు రాశారండి, నాకు తెలియదు” అని చెప్పిన సాక్షి మాటకు విలువ పోతుంది. అందుకే చీఫ్ అఫిడవిట్ మీద సంతకం చేసే ముందు లాయరు ఆఫీసులో కూర్చుని తెలుగులో చదివించుకోవడానికి మొహమాటపడకండి.

అబద్ధం చెబితే ఏమవుతుంది? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ ప్రకారం, కోర్టు వ్యవహారంలో తెలిసి తెలిసి అబద్ధపు సాక్ష్యం ఇస్తే ఏడేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా. ఇతర సందర్భాల్లో మూడేళ్ల దాకా జైలు, ఐదువేల దాకా జరిమానా. ఇక్కడ “తెలిసి తెలిసి” అన్నది ముఖ్యం. నిజమని నమ్మి రాసినదాంట్లో పొరపాటు దొర్లితే అది నేరం కాదు. తేదీ తప్పు పడింది, ఒక పేరు మరచిపోయారు, ఇప్పుడు గుర్తొచ్చింది అనుకోండి. పాత కాగితం మీద దిద్దకండి. పొరపాటు ఏమిటో, సరైన సంగతి ఏమిటో చెబుతూ కొత్త అఫిడవిట్ ప్రమాణం చేసి, పాతది ఇచ్చిన చోటనే ఇవ్వండి. మన ఉదాహరణలో పెద్దకొడుకు బ్యాంకు డబ్బు ఇవ్వకముందే ఆ పని చేసి, చెల్లెలి పేరు, నాయనమ్మ పేరు చేరిస్తే విషయం అక్కడితో సర్దుకుంటుంది. తెలిసీ ఊరుకుంటే అదే కాగితం రేపు అతని మీద సాక్ష్యమవుతుంది.

శ్రోతలారా, మీ ముందుకు అఫిడవిట్ వచ్చినప్పుడు ఈ నాలుగు పనులు చేయండి. మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదవండి, లేదా మీకు నమ్మకమున్నవారితో చదివించుకోండి. ప్రతి వాక్యం దగ్గర ఇది నాకు ఎలా తెలుసని ప్రశ్నించుకోండి. అడిగిన పనికి మించిన మాట ఉంటే తీసేయించండి. సంతకం నోటరీ ఎదుటే చేసి, ఒక నకలు ఇంటికి తెచ్చుకోండి. ఇంట్లో తండ్రి పోయిన ఆడపిల్లలకు, కొడుకును పోగొట్టుకున్న వృద్ధ తల్లులకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. వారసుల కాగితంలో వాళ్ల పేరు ఉండి తీరాలి. అది ఎవరి దయ వల్లా వచ్చేది కాదు, చట్టం వాళ్లకు ఇచ్చిన హక్కు.